కూలి, కాటా, కిలో: రాత్రిబడి మొదటి నెల గురించి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవం గుర్తుగా ఈ బడి గదుల్లోనే పెద్దవాళ్ల కోసం రాత్రిబడి పెట్టాలని మన సంఘం తీర్మానించింది. వయోజన విద్యలో చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణి కనుక నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను మొదటి నెల పాఠాల గురించే మాట్లాడతాను. రాత్రిబడి నిలిచేదీ పోయేదీ ఆ నెలలోనే తేలిపోతుంది. మొదటి రోజు నలభైమంది వచ్చి, నెల తిరిగేసరికి ఏడుగురు మిగిలిన కేంద్రాలు నేను ఎన్నో చూశాను. అలాంటప్పుడు మనవాళ్లు అనే మాట ఒకటే: "వాళ్లకు శ్రద్ధ లేదండీ." పగలంతా పత్తి చేలో వంగి, ఇంటికొచ్చి పొయ్యి వెలిగించి, పిల్లలకు ఇంత పెట్టి, రాత్రి ఎనిమిదింటికి పలక పట్టుకొచ్చిన మనిషికి శ్రద్ధ లేదనడానికి మనకు నోరెలా వస్తుందో నాకు అర్థం కాదు. ఆమె వచ్చింది. వచ్చినందుకు ఆ రాత్రి ఆమె చేతికి మనం ఏమిచ్చాం అన్నదే చూడాలి.

మామూలుగా ఇచ్చేది అ, ఆ. తర్వాత ఇ, ఈ. రెండో వారానికి ఋ, ౠ దగ్గరకు వస్తాం. ౠ తో మొదలయ్యే మాట ఒక్కటి చెప్పమంటే ఇక్కడున్న మనలో ఎంతమంది చెప్పగలరు? పిల్లవాడికి ముందు పదేళ్ల చదువుంది, ఈ రోజు నేర్చుకున్నది ఎప్పుడో పనికొస్తుందని నమ్మి కూర్చుంటాడు. నలభై ఏళ్ల మనిషికి అంత ఓపిక ఉండదు, ఉండనక్కర లేదు కూడా. అచ్చులు అయ్యేదాకా ఒక్క మాటా చదవలేనప్పుడు ఆమె మానేయడంలో తప్పేముంది?

మన చుట్టుపక్కల ఊళ్లలో రాత్రిబడికి వచ్చేవాళ్లు ఎక్కువగా పత్తి ఏరే ఆడవాళ్లు. వాళ్ల కూలి కిలోల లెక్కన. సాయంత్రం చేను గట్టు మీద కాటా వేలాడదీస్తారు. ఎవరి మూట వాళ్లు తగిలిస్తారు, మేస్త్రి చూసి తన పుస్తకంలో రాసుకుంటాడు. వారానికి ఒకసారి డబ్బులు. ఆ కాటా దగ్గర రెండు నిమిషాల్లో జరిగేది వాళ్ల ఆరు రోజుల కష్టానికి లెక్క. ఆ లెక్క చదవగలిగేది మాత్రం ఒక్క మనిషి. పాఠం అక్కడ మొదలుపెట్టాలి.

మొదటి రాత్రి పలకలు తీయించవద్దు. "నిన్న ఎన్ని కిలోలు తీశావమ్మా?" అని అడగండి. అందరూ టకటకా చెబుతారు. "మేస్త్రి ఎంత రాశాడు?" అని అడగండి. గదిలో చప్పుడుండదు. "ఏమో సారూ, రాసుకున్నాడు" అని ఎవరో ఒకరు అంటారు. ఆ తర్వాత నల్లబల్ల మీద మూడు మాటలు రాయండి: కూలి, కాటా, కిలో.

ఈ మూడింటినే ఎంచుకోవడానికి కారణముంది. ఇవి రోజూ వాళ్ల నోట్లో నలిగే మాటలు, అది ఒకటి. రెండోది, వీటిలో ఉన్న హల్లులు మూడే: క, ట, ల. వత్తు ఒక్కటి లేదు. దీర్ఘం, గుడి, కొమ్ము దీర్ఘం, ఓత్వం అనే నాలుగు గుర్తులు చాలు. పత్తి అన్న మాట అంతకంటే ముఖ్యమే అయినా అందులో త వత్తు ఉంది కాబట్టి మూడో వారం దాకా ఆగాలి. అంతదాకా దాన్ని గోడ మీద రాసి ఉంచి, బొమ్మలాగా గుర్తుపట్టిస్తే చాలు.

మాటను వాళ్లచేతే విడగొట్టించండి: కూ-లి, కా-టా, కి-లో. అట్టపెట్టెలు కత్తిరించి పదిహేను ముక్కలు చేయండి. మొదటి వరుసలో క, కా, కి, కూ, కో. రెండో వరుసలో ట, టా, టి, టూ, టో. మూడో వరుసలో ల, లా, లి, లూ, లో. ముక్కలు నేల మీద పరిచి, రెండేసి మూడేసి కలిపి మాటలు కట్టమనండి. కల వస్తుంది, కాకి వస్తుంది. కోట, కోటి, కాలి, లోటా వస్తాయి. ఒక ఊళ్లో నాలుగో రాత్రి ఒకామె మూడు ముక్కలు జరిపి, తనే పైకి చదువుకుని, "కోకిల!" అని అరిచింది. ఎవరూ చెప్పని, ఏ పుస్తకంలోనూ చూడని మాటను తనంతట తను చదివింది. అక్షరం గుర్తుపట్టడం వేరు, చదవడం వేరు. చదవడం అంటే అదీ.

ఇది నా సొంత తెలివి కాదు. బ్రెజిల్ దేశంలో పాలో ఫ్రేరీ అనే ఆయన 1963లో ఆంజికోస్ అనే ఊళ్లో సుమారు మూడువందలమంది కూలీలకు 40 గంటల్లో చదువు నేర్పే ప్రయత్నం చేశాడు. ముందు ఆ మనుషుల మధ్య తిరిగి వాళ్లు వాడే మాటలు పోగుచేయడం, వాటిలోంచి కొన్ని ఎంచి, విడగొట్టి, త-తె-తి లాంటి వరుసలు కట్టి కొత్త మాటలు పుట్టించడం ఆయన పద్ధతి. ఆయన శ్రమపడి కట్టుకున్న ఆ వరుస మనకు గుణింతం రూపంలో తయారుగా ఉంది. మనం దాన్ని మాటలతో ముడిపెట్టకుండా వట్టినే వల్లె వేయిస్తున్నాం, అంతే తేడా.

ఇక అంకెలు. పెద్దవాళ్లకు లెక్కలు రావనుకోవద్దు. 27 కిలోలు, కిలోకు 8 రూపాయలు అనుకోండి. పదికి ఎనభై, ఇంకో పదికి ఎనభై, ఏడుకు యాభై ఆరు, మొత్తం రెండువందల పదహారు అని నోటితోనే తేల్చేస్తారు. నేర్పాల్సింది రాత మాత్రమే. అక్కడ ఒక చిక్కు తప్పకుండా వస్తుంది. నూట ఐదు రాయమంటే 1005 అని రాస్తారు. నూరు రాసి పక్కన ఐదు పెడతారు, చెవికి వినిపించినట్టే. దీన్ని ఎర్ర సిరాతో కొట్టేస్తే లాభం లేదు. నేల మీద మూడు గళ్లు గీసి వందనోటు, పదినోట్లు, రూపాయి బిళ్లలు పెట్టించండి. పదుల గడిలో ఏమీ లేదు కదా, ఆ ఖాళీకే సున్నా అని చూపించండి. డబ్బులతో చూపిస్తే రెండు రాత్రుల్లో సర్దుకుంటుంది.

ఈమధ్య అంకెలు వెలిగే కాటాలు వచ్చాయి. దాని మీద 23.50 అని పడితే, చుక్క సంగతి తెలియనివాళ్లకు అది రెండువేల మూడువందల యాభైలాగా కనపడుతుంది. ఇరవైమూడు రూపాయల యాభై పైసలు ఎలాగో ఇరవైమూడున్నర కిలోలూ అలాగే అని చెబితే వెంటనే పట్టుకుంటారు.

ఒక వారం లెక్క చెబుతాను. రెండు నెలలుగా వస్తున్న ఒకామె చిన్న పుస్తకంలో తన తూకాలు రాసుకుంది. సోమవారం 27, మంగళవారం 24, బుధవారం 31. గురువారం జ్వరం, పనికి పోలేదు. శుక్రవారం 26, శనివారం 22. మొత్తం 130 కిలోలు, 1,040 రూపాయలు. మేస్త్రి ఇచ్చింది 960. ఆమె పోట్లాడలేదు. పుస్తకం తీసి, రెండూ పక్కపక్కన పెట్టమంది. బుధవారం దగ్గర ఆయన 21 అని రాసుకున్నాడు. "చెయ్యి తప్పింది" అని ఎనభై రూపాయలూ ఇచ్చేశాడు. నిజంగానే చెయ్యి తప్పిందేమో, నేనెరగను. ఆ తర్వాతి సోమవారం, బడి మానేసిన నలుగురు మళ్లీ వచ్చారు. వాళ్లను రమ్మని మేమెవ్వరమూ ఇళ్లకు పోయి పిలవలేదు.

ఈ పని అంత సులువు కాదని కూడా చెప్పాలి. పుస్తకం చూపించిన మనిషిని మర్నాటి నుంచి పనికి పిలవకపోవచ్చు. ఆ భయం ఆమె పైకి అనకపోయినా లోపల ఉంటుంది. ఆ రాత్రి తరగతిలో అక్షరాలు పక్కన పెట్టి దాని గురించే మాట్లాడుకున్నారు. చివరకు వాళ్లే ఒక ఏర్పాటు చేసుకున్నారు. కాటా దగ్గర ఎవరి తూకం వాళ్లు పైకి చదవాలి, అందరూ రాసుకోవాలి. ఆ మాట మేస్త్రికి ముందే చెప్పారు. ఒక్కరి మీద కోపం పెట్టుకునే వీలు లేకుండా పోయింది.

నెల్లూరు జిల్లా సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1991 ప్రాంతంలో అక్కడ అక్షరదీపం కార్యక్రమం జరిగింది. వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం సారా గురించి. దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠాన్ని తరగతిలో వదిలేయలేదు, ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ పాఠం అంత పనిచేసిందంటే కారణం, అది వాళ్ల ఇంట్లో ప్రతి సాయంత్రం జరిగే గొడవ గురించి కావడమే. అదే పాఠం సారా లేని ఊళ్లో చెబితే వట్టి కథ. అందుకే మరో చోట బాగా నడిచిన పుస్తకాన్ని తెచ్చుకుని ఇక్కడ మొదలుపెడదాం అన్న సూచనకు నేను ఒప్పుకోను.

బోధించేవాళ్లు కనిపెట్టవలసినవి రెండున్నాయి. మొదటిది సంతకం. పేరు రాయడం వస్తే చదువు వచ్చినట్టే లెక్క కట్టేస్తారు, నేర్చుకున్నవాళ్లు కూడా. చాలాసార్లు అది ముగ్గులాగా చేతికి అలవాటైన గీత. తెలుసుకోవడం తేలిక. కమల అని సంతకం పెట్టే మనిషిని అవే అక్షరాలతో కల, కలమ అని రాయమనండి, లేదా మధ్య అక్షరం ఏదో చూపించమనండి. ఆగిపోయిందంటే ఆమెకు ఇంకా అక్షరాలు రాలేదన్నమాట.

రెండోది కళ్లు. నలభై దాటితే చత్వారం వస్తుంది. ఆమె పుస్తకాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుంటుంది, దీపం కిందకు జరుగుతుంది, నల్లబల్ల మీద చదివిందే పుస్తకంలో చదవలేదు. "నాకు బుర్రకెక్కదు సారూ" అని తనే అంటుంది, మనమూ నమ్ముతాం. మొదటి వారంలోనే అందరికీ కళ్లు చూపించాలి. మన సంఘంలో కంటి డాక్టర్లు ఇద్దరున్నారు, ముందు వరుసలోనే కూర్చున్నారు కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను.

చివరగా వేళలు. జాతీయ సాక్షరతా మిషన్ మూడు వాచకాలకు సుమారు 200 గంటలు పెట్టింది. రాత్రికి గంటన్నర చొప్పున అది 130 రాత్రుల పైమాట. పత్తి తీసే రోజుల్లో వారానికి అయిదు రాత్రులు ఎవ్వరూ రాలేరు. దసరాకు మొదలుపెట్టి, తీతలు అయ్యేదాకా వారానికి మూడు రాత్రులు, గంటసేపే పెట్టుకుందాం. తీతలు అయ్యాక అయిదు రాత్రులు చేద్దాం. అప్పటికి ఉపాధి హామీ పనులు మొదలవుతాయి కాబట్టి గుంత కొలతలు, జాబ్‌కార్డు, బ్యాంకు పాస్‌పుస్తకం పాఠాలవుతాయి. సంతరోజు మాత్రం బడి పెట్టవద్దు, ఎవరూ రారు.

పలకలు, సుద్దముక్కలు కొనడానికి కోశాధికారిగారు డబ్బు తీసి ఉంచామన్నారు. అందులోంచి వేలాడదీసే కాటా ఒకటి కూడా కొనండి. అప్పటిదాకా మా ఇంట్లో పాతది ఉంది, పత్తి మూటతో సహా మొదటి రాత్రికి నేను తెస్తాను.