లెక్కకు అందని పనిని రాసేదెలా?

మీ సాయంతో చదివిన పిల్లలు రెజ్యూమేలు దిద్దించుకోవడానికి మా దగ్గరికి వస్తుంటారు. ఆటోనగర్‌లో ఒక ఆఫీసులో పనిచేసిన అమ్మాయి "హాజరు, పీఎఫ్ పనులు చూశాను" అని ఒక్క ముక్క రాసింది. అమ్మకాలవాళ్లకైతే అంకెలుంటాయి, నాకేమున్నాయి అంది.

మేము మూడే అడిగాం. ఎంతమందికి చేశావు? ఏ గడువులోగా? నువ్వు చేరకముందు ఏ పని ఆగేది?

నలభై మందికి. పీఎఫ్ సొమ్ము మరుసటి నెల 15లోగా కట్టాలి. ఆధార్‌లో 'షేక్' ఒక స్పెల్లింగు, పీఎఫ్ ఖాతాలో మరొకటి ఉండి కొందరి క్లెయిములు తిరిగొచ్చేవి.

అప్పుడిలా రాయించాం: "40 మంది హాజరు, పీఎఫ్ రికార్డులు నిర్వహించాను. ప్రతి నెలా 15లోగా సొమ్ము కట్టించాను. ఆధార్‌తో పేరు కలవనివారిని గుర్తించి, జాయింట్ డిక్లరేషన్ పెట్టించి సరిచేయించాను."

"సామర్థ్యం 30 శాతం పెంచాను" అని మాత్రం రాయనివ్వలేదు. ఎలా కొలిచావని ఇంటర్వ్యూలో అడిగితే జవాబుండదు. ఒక్క నెల గడువు తప్పినా "ప్రతి నెలా" అనకూడదు. కార్మికుల పేర్లు, జీతాలు బయటపెట్టకూడదు.

మీలో ఆఫీసులున్నవారికి మా మనవి ఒకటే. మానేసి వెళ్లేవారికిచ్చే అనుభవ పత్రంలో ఈ మూడు సంగతులూ రాసివ్వండి. వాళ్ల మాటకు అదే సాక్ష్యం.