అద్దెదారు కాగితాలు

మేడమీది గది అద్దెకిచ్చినప్పుడు నేనూ ఒక తప్పు చేశాను. కుర్రవాడి ఆధార్ జిరాక్సు పాత పేపర్లతో కలిసి అమ్ముడుపోయింది. అతని ముందు తల వంచుకున్నాను.

ఇప్పుడు ముందే అడుగుతాను: "బేటా, నువ్వెవరో తెలియడానికే కాగితం. సమ్మతమేనా?" ఉంచుకునేది మాస్క్‌డ్ ఆధార్ నకలు మాత్రమే; 12 అంకెల్లో చివరి 4 మాత్రమే కనబడతాయి. దానిమీద "ఈ ఇంటి అద్దెకు మాత్రమే" అని తేదీతో అతనిచేతనే రాయిస్తాను.

ఉద్యోగం సంగతికి యజమాని పేరు, చిరునామా, ఆఫీసు ఫోను చాలు. జీతం చీటీ మనకెందుకండీ! ఆ నంబరు స్నేహితుడిది కావచ్చు. కనుక ఆఫీసు నంబరు నేనే వెతికి, అతనికి చెప్పి, ఫోన్ చేస్తాను.

వాట్సాప్‌లో పంపవద్దంటాను, ఆ ఫొటో ఇంట్లో పిల్లల చేతుల్లో పడుతుంది. నకలు బీరువాలో, తాళంచెవి నా దగ్గర. ఖాళీ చేసి లెక్క తేలిన రోజున అతని ఎదుటే చింపేస్తాను.