లింకు అలాగే ఉంది, వీడియో ఎక్కడికి పోయింది?

(బారువ తీరంలో మన యువకులతో కూర్చున్నప్పుడు మాట్లాడిన మాటలు. రాలేని వాళ్లు అడిగారని ఇక్కడ పెడుతున్నాను.)

మందస కొండల నుంచి దిగి వచ్చిన వాళ్లున్నారు, మెళియాపుట్టి వైపు నుంచి వచ్చిన వాళ్లున్నారు, ఉద్దానం పల్లెల నుంచి వచ్చిన స్నేహితులూ ఉన్నారు. ఈ రోజు పెద్ద ఉపన్యాసం చెప్పను. మీ అందరి ఫోన్లలో కనీసం ఒక్కసారైనా కనబడిన ఒక బూడిద రంగు పెట్టె గురించి చెబుతాను. లింకు నొక్కుతారు. వీడియో రావాల్సిన చోట ఈ మాటలు వస్తాయి:

This content isn't available right now

దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంటుంది. మనం దాన్ని చదవం. చదవకపోవడం వల్ల మాకు ఏం జరిగిందో ముందు వినండి.

మా కొండ మీద ఒక సవర గూడ. అక్కడి నుంచి ఆటో ఎక్కే చోటు దాకా దాదాపు నాలుగు కిలోమీటర్లు రాళ్ల దారి. ఒక గురువారం సాయంత్రం నెలలు నిండిన అక్కను డోలీలో మోసుకుని దింపారు. నాకు తమ్ముడి వరసయ్యే కుర్రాడు వెనక నడుస్తూ ఫోన్లో వీడియో తీశాడు. నిమిషం కూడా లేదు. రాత్రి ఇంటికొచ్చి తన ఫేస్‌బుక్ ప్రొఫైల్లో పెట్టాడు. పేరు కింద గ్లోబు బొమ్మ, అంటే Public. తెల్లారేసరికి ఆ లింకు మా వాట్సాప్ గ్రూపులన్నిటిలో తిరిగింది. నేనూ నా ప్రొఫైల్లో షేర్ చేసి పైన నాలుగు ముక్కలు రాశాను.

సోమవారం రోడ్డు కోసం అర్జీ పట్టుకుని ఒక ఆఫీసుకి వెళ్లాం. అర్జీ కింద ఆ లింకు అచ్చు వేయించాం. అక్కడి ఉద్యోగి తన ఫోన్లో అది తెరిచాడు. బూడిద పెట్టె వచ్చింది. "ఏటి బాబూ, వీడియో లేదు కదా. తీసేశారంటే నిజం కాదేమో" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

బయటికొచ్చాక ఎవరికి తోచింది వాళ్లు అన్నారు. ఎవరో రిపోర్టు కొట్టారని ఒకరు, ఫేస్‌బుక్కే తొక్కేసిందని ఇంకొకరు, పోలీసులు తీయించారని మరొకరు. సాయంత్రానికి "మన వీడియోని అణిచేశారు" అని ఒక పోస్టు కూడా తయారైపోయింది. దాన్ని పెట్టే ముందు తమ్ముడికి ఫోన్ చేశాను. "లేదన్నా, నాకు బాగానే కనబడుతోంది" అన్నాడు. అక్కడే నాకు అనుమానం వచ్చింది.

షేర్ నొక్కినప్పుడు ఏం జరుగుతుందో మనం తప్పుగా అనుకుంటున్నాం. షేర్ చేస్తే వీడియో మన దగ్గరికి వచ్చేసిందనుకుంటాం. రాదు. వీడియో ఒక్కటే ఉంటుంది, అది పెట్టినవాడి ఖాతాలోనే ఉంటుంది. మన చేతికి వచ్చేది దారి మాత్రమే. సంతలో ఎవరైనా "ఫలానా గూడలో మూడో ఇల్లు, అక్కడ విత్తనాలు దొరుకుతాయి" అని చెప్పారనుకోండి. ఆ మాట నలభై మందికి చేరొచ్చు. అంతమాత్రాన విత్తనాలు నలభై ఇళ్లకు వెళ్లలేదు కదా. ఇంటాయన తలుపు వేసుకున్న రోజున నలభై మందికీ తలుపే కనబడుతుంది. దారి మాత్రం తప్పు కాదు.

మీరు లింకు నొక్కిన ప్రతిసారీ ఫేస్‌బుక్ ఒక్క ప్రశ్నే వేసుకుంటుంది: ఈ చూసే మనిషి, పెట్టినవాడు ఇప్పుడు ఒప్పుకున్న మందిలో ఉన్నాడా? "ఇప్పుడు" అన్నదే ఇక్కడ ముఖ్యం. గురువారం ఎవరికి చూపించాడన్నది లెక్కలోకి రాదు. సోమవారం మీరు నొక్కిన క్షణాన ఆ పోస్టు Public లో ఉందా, Friends లో ఉందా, Only me లో ఉందా అన్నదే చూస్తుంది. అందుకే నిన్న చూసిన వీడియో ఈ రోజు మీకే కనబడకపోవచ్చు. పెట్టినవాడికి మాత్రం ఎప్పుడూ కనబడుతుంది, ఎందుకంటే అది అతని సొంతం. "నాకు వస్తోంది కదా" అన్న తమ్ముడు అబద్ధం చెప్పలేదు.

నేను షేర్ చేసినదీ అంతే. నా పోస్టు Public లోనే ఉంది. నేను రాసిన మాటలు, కింద వచ్చిన కామెంట్లు అన్నీ ఉన్నాయి. వీడియో ఉండాల్సిన చోట మాత్రం పెట్టె. నా పోస్టుకి నేను ఎంత పెద్ద తలుపు పెట్టినా లోపలున్న వీడియోకి తాళం అతనిదే. వాట్సాప్‌లో ఇంకో తికమక ఉంది. లింకు కింద డోలీ బొమ్మ ఇంకా కనబడుతూనే ఉంది, కాబట్టి వీడియో ఉందనే అనుకుంటాం. ఆ చిన్న బొమ్మ లింకు పంపిన రోజున, పంపినవాళ్ల ఫోన్ తయారు చేసి మెసేజ్‌తో పాటు పంపినది. తర్వాత అసలు పోస్టుకి ఏమైనా ఆ బొమ్మ మారదు.

సరే, తమ్ముడు పోస్టు సెట్టింగ్ మార్చాడా? "నేనేం మార్చలేదన్నా" అన్నాడు. అదీ నిజమే. అతను చేసింది వేరే. శుక్రవారం రాత్రి నుంచి వీడియో కింద ఎవరెవరో వచ్చి ఆ అక్క గురించి, మన ఆడవాళ్ల గురించి నోటితో చెప్పలేని రాతలు రాశారు. తెలియని నంబర్ల నుంచి ఫోన్లు వచ్చాయి. కుర్రాడు భయపడ్డాడు. చుట్టం ఒకరు "ప్రొఫైల్ లాక్ చేసేయ్‌రా" అన్నారు. ప్రొఫైల్ పక్కన మూడు చుక్కలు నొక్కి Lock profile అన్నాడు.

ఈ లాక్ మన దేశంలో 2020 మేలో వచ్చింది. ముఖ్యంగా ఆడపిల్లల ఫోటోలు దొంగిలించకుండా కాపాడుకోవడానికి అన్నారు, మంచిదే. కానీ లాక్ చేస్తే ఫోటోలు దాగడంతో ఆగదు. అంతకుముందు Public లో పెట్టినవన్నీ ఒక్క దెబ్బతో Friends కి మారిపోతాయి. ఆ తర్వాత ఆ ప్రొఫైల్ నుంచి Public పోస్టు పెట్టడం కూడా కుదరదు. సెట్టింగుల్లో Limit past posts అని ఇంకోటి ఉంది, అది కూడా పాత పోస్టులన్నిటినీ ఒకేసారి Friends కి కుదిస్తుంది. తమ్ముడు డోలీ వీడియోని ముట్టుకోలేదు. ఇంటి గేటు వేశాడు, లోపలి గది కూడా మూతపడింది. అతని స్నేహితులకు ఆ లింకు పనిచేస్తూనే ఉంది. ఆఫీసులో ఉద్యోగి అతని స్నేహితుడు కాడు.

ఇప్పుడు ఆ పెట్టెలోని చిన్న వాక్యం చదువుదాం:

When this happens, it's usually because the owner only shared it with a small group of people, changed who can see it or it's been deleted.

పెట్టినవాళ్లు కొద్దిమందికే చూపించి ఉండొచ్చు, ఎవరు చూడాలన్నది మార్చి ఉండొచ్చు, లేదా తీసేసి ఉండొచ్చు అని దాని అర్థం. మూడింటికీ ఒకటే పెట్టె. ఏది జరిగిందో చెప్పదు. చెబితే "ఫలానావాడు దాచాడు" అని బయటి వాళ్లకు తెలిసిపోతుంది కదా. పెట్టినవాళ్లు మిమ్మల్ని బ్లాక్ చేసినా, ఖాతా మూసేసినా ఇలాంటి పెట్టే వస్తుంది. కాబట్టి పెట్టె చూసి "అణిచేశారు" అనడం తొందరపాటు.

మరి ఎలా తెలుసుకోవాలి? ముందు పెట్టినవాళ్లనే అడగండి: మీ ప్రొఫైల్లో ఆ పోస్టు ఉందా, పేరు కింద ఏ బొమ్మ ఉంది? గ్లోబు ఉంటే Public. ఇద్దరు మనుషులుంటే Friends. తాళం ఉంటే Only me. తర్వాత వాళ్ల స్నేహితుల్లో ఒకరి చేత, స్నేహితులు కాని ఒకరి చేత అదే లింకు తెరిపించండి. ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోతే, మొదట అనుమానించాల్సింది audience నే. పెట్టినవాళ్లకే కనబడకపోతే తొలగింపు అయి ఉండొచ్చు. ఫేస్‌బుక్కే తీసేస్తే మామూలుగా పెట్టినవాళ్లకు నోటీసు వస్తుంది, Support Inbox లో చూడమనండి. ఇవి చూశాకే ఎవరినైనా నిందిద్దాం. మనం ఒక్కసారి తప్పుడు ఆరోపణ చేస్తే, రేపు నిజంగా అణిచివేత జరిగిన రోజున మన మాట ఎవరూ నమ్మరు.

ఇది తెలిశాక మాలో ఒకడు "లాక్ తీసెయ్‌రా, Public చెయ్, లింకు మళ్లీ పనిచేస్తుంది" అన్నాడు. పనిచేస్తుంది, నిజమే. పోస్టు డిలీట్ కానంత వరకు చిరునామా అదే, తలుపు తీస్తే అందరికీ మళ్లీ కనబడుతుంది. కానీ తమ్ముడు ఒక మాట అన్నాడు: "అన్నా, ఆ అక్కని ఎవరైనా అడిగారా?"

అడగలేదు. నేనూ అడగలేదు. డోలీలో నొప్పులు పడుతున్న మనిషి ముఖాన్ని నేను వందల మందికి పంపాను. కుర్రాడు తలుపు వేసుకుంటే వీడియో పోయిందని బాధపడ్డాను గాని, ఎందుకు వేసుకున్నాడో అడగలేదు. లింకు పనిచేయకపోవడం ఒక్కోసారి పొరపాటు. ఒక్కోసారి మాత్రం అది మన మనిషి చెప్పుకున్న "వద్దు". ఆ "వద్దు"ని దాటడానికి స్క్రీన్ రికార్డింగులు వెతికి మళ్లీ ఎక్కించడం మన పని కాదు. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి: తలుపు వేసే లోపు ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకుని ఉంటే ఆ కాపీని ఏ సెట్టింగూ వెనక్కి తేలేదు. అందుకే అడగాల్సింది పెట్టకముందే.

తర్వాత మేం ఏం చేశామంటే, ఆ అక్క ఇంటికి వెళ్లాం. పాపని ఎత్తుకుని కూర్చుంది. "దారి సూపించండి, మొయ్యడం సూపించండి, నా ముఖం వద్దు" అంది. తమ్ముడి ఫోన్లో అసలు ఫైలు ఉంది. అందులో ముఖం కనబడే భాగం కత్తిరించి మా పేజీ నుంచి పెట్టాం. పేజీలో పెట్టింది ఎవరి సొంత ప్రొఫైల్ లాక్‌తోనూ ముడిపడదు, కుర్రాడి పేరూ బయటికి రాదు. అసలు ఫైలుని వాట్సాప్‌లో మామూలు వీడియోలా కాకుండా Document గా పంపించుకుని దాచాం. మామూలుగా పంపితే వీడియో కుదించుకుపోతుంది. తీసిన తేదీ, గూడ పేరు, ఎవరు తీశారన్నది కాగితం మీద రాసుకున్నాం. కోర్టు దాకా వెళ్లాల్సి వస్తే 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకి సర్టిఫికెట్ జతచేయాలి. అక్కడ లింకు మాత్రమే పట్టుకెళ్తే చాలదు.

రెండో అర్జీకి లింకు అచ్చు వేయలేదు. పెన్‌డ్రైవ్ జతచేశాం, వీడియోలోంచి మూడు ఫోటోలు ప్రింటు తీసి అంటించాం, రసీదు తీసుకున్నాం. 2010 జూలై 14న ఇక్కడికి దగ్గరలోని సోంపేట బీల దగ్గర కాల్పులు జరిగాయి. మర్నాటి పేపరు ఎవరైనా దాచుకుని ఉంటే అది ఈ రోజుకీ వాళ్ల చేతిలోనే ఉంటుంది, దాన్ని ఎవరూ Only me చేయలేరు. మన ఫోన్లోని అసలు ఫైలు ఆ పేపరు లాంటిది. లింకు అలాంటిది కాదు.

రోడ్డు ఇంకా రాలేదు. అర్జీ మాత్రం ఈసారి "వీడియో లేదు" అన్న మాటతో వెనక్కి రాలేదు. ఇంటికెళ్లాక ఒక పని చేయండి. మీరు పెట్టిన వీడియోల కింద ఏ బొమ్మ ఉందో చూసుకోండి, అందులో ఉన్న మనుషులను ఒకసారి అడగండి.

జోహార్.