వెయ్యికి వెయ్యిన్ని ఇరవై: ఒక అంకెను దాని పుట్టింటి దాకా వెతకడం

2021 నవంబరు 24న కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే రెండో విడత ఫలితాలను విడుదల చేసింది. మర్నాటికల్లా ఒక అంకె దేశమంతా తిరిగింది: భారతదేశంలో ప్రతి వెయ్యి మంది పురుషులకు 1,020 మంది స్త్రీలు. దాని పక్కన 2011 జనగణన చెప్పిన 943ను నిలబెట్టి, రెండు కడ్డీల మధ్య పైకి పోయే బాణం గీసిన రంగుల పటం ఇప్పటికీ బ్లాగుల్లోనూ, ఫోన్లలో వచ్చే ఫార్వర్డుల్లోనూ కనిపిస్తుంది. ఆడపిల్లల పట్ల వివక్ష తీరిపోయిందన్న వ్యాఖ్య సాధారణంగా దానికి తోడుగా ఉంటుంది.

ఆ పటంలో తప్పుడు అంకె ఒక్కటీ లేదు. 943 నిజం, 1,020 కూడా నిజం. వాటిని కలిపిన బాణం మాత్రం తప్పు. చేతులు మారుతూ వచ్చిన పటాల్లో అంకె చాలాసార్లు సరిగానే ఉంటుంది. పట్టిక శీర్షిక, కింది గమనిక, లెక్కించిన పద్ధతి మాత్రం దారిలో రాలిపోతాయి. అందుకే పటాన్ని పక్కన పెట్టి, అందులోని ప్రతి అంకె ఎక్కడ పుట్టిందో అక్కడికి వెళ్లవలసి ఉంటుంది.

ముందు 943 సంగతి. జనగణన చేసేది కేంద్ర హోం శాఖ కింద పనిచేసే రిజిస్ట్రార్ జనరల్, జనగణన కమిషనర్ కార్యాలయం. దాని వెబ్‌సైటు censusindia.gov.in. అందులో ప్రైమరీ సెన్సస్ అబ్‌స్ట్రాక్ట్ అనే పట్టికల వరస ఉంది. రాష్ట్రం, జిల్లా మొదలుకొని గ్రామం దాకా జనాభా, స్త్రీ పురుష సంఖ్యలు, ఆరేళ్ల లోపు పిల్లలు, అక్షరాస్యులు, పనిచేసేవారి వివరాలు అందులో దొరుకుతాయి. సైటు సొంత శోధన అంత నమ్మకంగా పనిచేయదు కాబట్టి సెర్చ్ ఇంజిన్‌లో వెతుకులాటను ఆ ఒక్క సైటుకే పరిమితం చేసి అడగడం తేలిక:

```
site:censusindia.gov.in primary census abstract 2011
```

పట్టిక దొరికాక మొదటి పని నిష్పత్తిని చూడడం కాదు, దాన్ని తిరిగి కట్టడం. 2011 తుది లెక్కల్లో దేశంలో పురుషులు 62,32,70,258 మంది, స్త్రీలు 58,75,84,719 మంది. రెండోదాన్ని మొదటిదానితో భాగించి వెయ్యితో గుణిస్తే 942.7 వస్తుంది, అంటే 943. కొన్ని పటాల్లో ఇదే 2011కు 940 అని ఉంటుంది. అదీ కల్పితం కాదు. 2011 మార్చి ఆఖరున వెలువడిన తాత్కాలిక లెక్కల్లో పురుషులు 62,37,24,248, స్త్రీలు 58,64,69,174. దాని నిష్పత్తి 940. గణన ముగిసిన కొద్ది వారాలకే ఇచ్చిన తొలి మొత్తాలవి. పత్రాలన్నీ పూర్తిగా ప్రాసెస్ చేశాక అవి మారాయి. తాత్కాలిక లెక్కకు వార్తల్లో వచ్చిన ప్రచారం తుది లెక్కకు రాదు గనుక పాత అంకె ఏళ్ల తరబడి చలామణిలో ఉండిపోతుంది. పట్టిక తలమీద ‘ప్రొవిజనల్’ అన్న మాట ఉందో లేదో చూస్తే ఈ తేడా అక్కడే తేలిపోతుంది.

తెలుగు రాష్ట్రాల విషయంలో ఇంకో మెలిక ఉంది. 2011లో ఆంధ్రప్రదేశ్ అంటే 23 జిల్లాలు. ఆనాటి పట్టికల్లో ఆ పేరు పక్కన ఉన్న 993 ఉమ్మడి రాష్ట్రానిది. విభజన తర్వాతి హద్దులతో లెక్క కడితే తెలంగాణకు 988, ఆంధ్రప్రదేశ్‌కు 997 వస్తాయి. తెలంగాణ 2011 జనాభాకైతే రెండు సంఖ్యలు వాడుకలో ఉన్నాయి: 3,51,93,978, 3,50,03,674. మొదటిది పది పాత జిల్లాల మొత్తం. రెండోది పోలవరం ముంపు కారణంగా ఖమ్మం జిల్లా మండలాలను 2014లో ఆంధ్రప్రదేశ్‌కు బదలాయించాక మిగిలినది. రెండింటిలో ఏదో ఒకటి తప్పనుకుని కొట్టేయడం తొందరపాటు. ఏ హద్దులకు ఏ అంకె అన్నదే ప్రశ్న. దానికి జవాబు పట్టికలోని జిల్లాల జాబితాలో ఉంటుంది, పటంలో ఉండదు.

ఇక 1,020. సర్వేను ఆరోగ్య శాఖ చేయించినా, నిర్వహణ బాధ్యత ముంబయిలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థది. అందువల్ల దాని పత్రాలు gov.in చిరునామాలో కాకుండా చాలాకాలం rchiips.orgలోనూ, తర్వాత nfhsiips.inలోనూ ఉంటూ వచ్చాయి. చివర gov.in ఉంటేనే అధికారికం అనే సూత్రం ఇక్కడ పనికిరాదు. సర్వే చేసినదెవరో విడుదల ప్రకటన చెబుతుంది, ఆ ప్రకటన pib.gov.inలో దొరుకుతుంది. అక్కడి నుంచి సంస్థ సైటుకు చేరడం సరైన దారి. కేంద్రం నడిపే data.gov.in కూడా ఉంది గానీ, అందులోని పట్టికలను ఆయా శాఖలు ఎక్కించాలి. కొన్ని పాత సంచికల దగ్గరే ఆగిపోయి ఉంటాయి. అది వెతకడానికి మంచి చోటు. అంకెను ఖాయం చేసుకోవడానికి మాత్రం పుట్టించిన శాఖ దగ్గరికే వెళ్లాలి.

సర్వే ప్రచురణలు రెండు రకాలు. కొద్ది పేజీల ఫ్యాక్ట్ షీట్ ఒకటి, వందల పేజీల నివేదిక రెండోది. పటాలు గీసేవారు వాడేది ఫ్యాక్ట్ షీటునే. అందులోని లింగ నిష్పత్తి వరుసను చివరిదాకా చదివినా కథ చాలావరకు బయటపడుతుంది: పట్టణాల్లో 985, గ్రామాల్లో 1,037, మొత్తం 1,020. పక్క గడిలో 2015–16 నాటి నాలుగో సర్వే అంకె 991. అంటే సర్వేను సర్వేతోనే పోలిస్తే పెరుగుదల 29. పటం చూపించిన 77 కాదు. ఇంకా వెనక్కి, 2005–06 నాటి మూడో సర్వేకు వెళితే అప్పట్లోనే అది సరిగ్గా 1,000. అంతకు అయిదేళ్ల ముందరి జనగణన మాత్రం 933 అంది. అయిదేళ్లలో దేశం అంత మారిపోయి, 2011 జనగణన నాటికి మళ్లీ వెనక్కి పోయిందనుకోలేం. ఈ సర్వే ఎప్పుడూ జనగణన కన్నా ఎక్కువ చూపిస్తూనే ఉందన్నమాట.

ఎందుకో పెద్ద నివేదికలో గృహ జనాభా అధ్యాయం చదివితే తెలుస్తుంది. అక్కడ లెక్కలోకి వచ్చేది, సర్వేకు ముందు రాత్రి ఆ ఇంట్లో పడుకున్నవారు. సర్వే బృందం వెళ్లేది ఇళ్లకే. హాస్టళ్లు, బ్యారక్‌లు, జైళ్లు, నిర్మాణ స్థలాల్లోని కూలీల గుడారాలు దాని నమూనాలో సాధారణంగా ఉండవు. అలాంటి చోట్ల ఉండేవారిలో పురుషులే ఎక్కువ. పల్లెలో ఇల్లు విడిచి హైదరాబాదులో కంపెనీ ఇచ్చిన షెడ్డులో పడుకునే యువకుడు ఇంటి దగ్గర లెక్కకు రాడు, షెడ్డు దగ్గరా రాడు. అతని తల్లీ చెల్లెలూ మాత్రం వస్తారు. జనగణన దీనికి భిన్నం. 2011 ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఇంటింటికీ తిరిగి, హాస్టళ్లు, బ్యారక్‌ల వంటి సంస్థల్లోని వారినీ లెక్కించి, చివరి రాత్రి ఫుట్‌పాత్‌లమీద, రైల్వే స్టేషన్లలో పడుకున్నవారిని కూడా రాసుకున్నారు. ఒకటి ఇళ్లను తూచిన తక్కెడ, రెండోది దేశాన్ని తూచిన తక్కెడ. వాటి ముళ్లను పక్కపక్కన పెట్టి తేడా కొలవడానికి వీల్లేదు.

తెలంగాణ ఫ్యాక్ట్ షీటులో ఈ అంకె 1,049, ఆంధ్రప్రదేశ్‌లో 1,045. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లిన మగవారు సర్వే రాత్రి ఇంట్లో ఉండరన్న సంగతిని తలుచుకుంటే ఆ 1,049 వెనుక వలస కూడా ఒక కారణమై ఉండవచ్చనిపిస్తుంది. అయితే ఎంత భాగం అన్నది ఈ పట్టిక ఒక్కటే చెప్పలేదు.

ఆడపిల్లల పట్ల వివక్ష గురించి మాట్లాడాలంటే అసలు చూడవలసిన వరుస అదే ఫ్యాక్ట్ షీటులో, ఆ అంకెకు సరిగ్గా కిందనే ఉంది: గత అయిదేళ్లలో పుట్టిన పిల్లల్లో లింగ నిష్పత్తి. మొత్తం జనాభా నిష్పత్తిలో స్త్రీలు ఎక్కువ కాలం బతకడం, పురుషులు వలసపోవడం అన్నీ కలిసిపోతాయి. పుట్టుకల నిష్పత్తిలో అవి కలవవు. ఎవరి జోక్యమూ లేకపోతే వెయ్యి మంది మగపిల్లలకు సుమారు 950 మంది ఆడపిల్లలు పుడతారు. అయిదో సర్వేలో దేశానికి వచ్చినది 929. నాలుగో సర్వేలో 919. తెలంగాణకు 894, అంతకుముందు 872. అంటే మొత్తం జనాభాకు 1,049 వచ్చిన రాష్ట్రంలోనే, దాని కింది వరుసలో, వెయ్యి మంది మగపిల్లలకు యాభైకి పైగా ఆడపిల్లలు లోటు పడుతున్నారు. పటం గీసినవారు ఒక వరుస కిందికి చూపు దించి ఉంటే వివక్ష తీరిపోయిందన్న వ్యాఖ్య వచ్చేదే కాదు.

872 నుంచి 894కు పెరగడం సంతోషించదగినదేనా అన్న ప్రశ్నకూ మూలం దగ్గరే జవాబుంది. ఇవి నమూనా అంకెలు. దేశం మొత్తం మీద 6,36,699 ఇళ్లను అడిగారు. ఒక్క రాష్ట్రానికి, అందులోనూ అయిదేళ్ల పుట్టుకలకు వచ్చేసరికి సంఖ్య చిన్నదవుతుంది. ఉదాహరణకు ఒక రాష్ట్రంలో 8,000 పుట్టుకలు నమోదయ్యాయనుకుంటే, కేవలం నమూనా వల్లనే నిష్పత్తి అటూ ఇటూ 40 దాకా కదలవచ్చు. కాబట్టి 22 తేడాను మార్పు అనడానికి ఆధారం చాలదు. నివేదిక అనుబంధంలో ముఖ్యమైన అంచనాలకు నమూనా దోషాల పట్టికలు ఉంటాయి. పటాలు వాటిని ఎన్నడూ మోసుకురావు. పుట్టుకల నిష్పత్తిని మరో దారిలో సరిచూసుకోవడానికి రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయమే ఏటా జరిపే శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ ఉంది. ఎంచుకున్న గ్రామాల్లో, వార్డుల్లో పుట్టుకలను, మరణాలను నిరంతరం రాసుకునే పద్ధతి అది. మూడేళ్ల సగటుగా 2018–20కి దేశానికి అది ఇచ్చిన అంకె 907. సర్వే 929 అంటే ఇది 907 అంటోంది. పద్ధతులు వేరు గనుక రెండూ సరిగ్గా కలవవు. కానీ రెండూ 950కి దిగువనే ఉన్నాయన్నది గట్టి విషయం.

మూలపత్రం దొరికాక దాన్ని దాచుకోవడం కూడా పనిలో భాగమే. ప్రభుత్వ సైట్లు కొత్త రూపంలోకి మారినప్పుడల్లా పాత లింకులు చచ్చిపోతాయి. జనగణన సైటు విషయంలో ఇదే జరిగింది. పాత వ్యాసాల కింది లింకులు చాలావరకు ఇప్పుడు తెరుచుకోవు. అలాంటప్పుడు ఆ చిరునామాను web.archive.orgలో వేసి చూస్తే పలుసార్లు పాత పేజీ, ఒక్కోసారి ఫైలుతో సహా, దొరుకుతుంది. దించుకున్న ఫైలు పేరులోనే సంస్థ, పట్టిక పేరు, దించుకున్న తేదీ చేర్చి పెట్టుకుంటే తర్వాత సవరణ వచ్చినప్పుడు ఏది ముందుదో తెలుస్తుంది. ఆ ఫైలు నుంచి మళ్లీ పటం గీసేవారు దాని కింద రాయవలసిన వాక్యం పొడవుగానే ఉంటుంది: అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019–21, తెలంగాణ ఫ్యాక్ట్ షీట్, సర్వేకు ముందు రాత్రి ఇళ్లలో ఉన్న జనాభా, వెయ్యి మంది పురుషులకు స్త్రీలు.