కాజా మిషన్ దగ్గర ఆగిన చొక్కాలు

(సమాఖ్య వార్షిక మహాసభలో కుట్టు కేంద్రం తరఫున చేసిన ప్రసంగం)

కుట్టు కేంద్రం లెక్కలు మీ చేతిలోని పుస్తకంలో ఉన్నాయి, వాటిని మళ్లీ చదవం. పోయినేడు స్కూలు యూనిఫాంలు ఎందుకు ఆలస్యమయ్యాయి, అంతే ఆర్డరు ఈ ఏడు టైముకు ఎట్లా ఇచ్చాం అని చాలామంది అడుగుతున్నారు. ఆ సంగతి ఒక్కటే చెప్తాం.

ముందు మా కేంద్రంలో ఏమున్నాయో చెప్పాలి. కుట్టు మిషన్లు పన్నెండు, ఓవర్‌లాక్‌లు రెండు, కాజా మిషన్ ఒకటే. ఆర్డరు 3600 చొక్కాలు, 2000 ఫ్రాకులు. నాలుగు వారాల్లో కుట్టు అయిపోవాలి. తర్వాత ఇస్త్రీకి, ప్యాకింగుకు మూడు రోజులు పెట్టుకుంటే బడులు తెరిచే జూన్ 12 లోపల సరుకు చేరుతుంది.

పోయినేడు మేము వేసుకున్న పట్టిక చాలా బాగుందనే అనుకున్నాం. ఫ్రాకులు సులువు కాబట్టి మొదటి వారం 2000 ఫ్రాకులు కుట్టేద్దాం, మిగతా మూడు వారాలు వారానికి 1200 చొక్కాలు కుడదాం అని రాసుకున్నాం. ఏ వారం ఏ సరుకు ఎంత తయారవ్వాలో రాసే ఇట్లాంటి పట్టికనే ఫ్యాక్టరీల్లో మాస్టర్ ప్రొడక్షన్ షెడ్యూల్ అంటారని తర్వాత శిక్షణలో తెలిసింది. మేము మాస్టర్ పట్టిక అంటున్నాం. లెక్క కూడా చూసుకున్నాం. చొక్కాకు కుట్టు మిషన్ మీద 20 నిమిషాలు, ఫ్రాకుకు 12 నిమిషాలు. మొదటి వారం 24,000 నిమిషాల పని, తర్వాత ప్రతి వారం కూడా 24,000. పన్నెండు మిషన్లు వారంలో 25,920 నిమిషాలు నడుస్తాయి. అన్ని వారాలూ సరిపోయాయని సంతోషపడ్డాం.

మేము లెక్క చూసింది కుట్టు మిషన్లకే. కాజా మిషన్‌ను ఎవరం తలుచుకోలేదు. అది గబగబా కొడుతుంది కదా, దానికి లెక్కేంది అనుకున్నాం.

రెండో వారం మొదటి రోజు ఒక్క చొక్కా కూడా కాజా దాకా రాలేదు, మిషన్ ఊరికే ఉంది. మూడో వారం బెల్టు తెగి సగం రోజు పోయింది. మూడో వారం చివరికి కాజా మిషన్ ముందు చొక్కాల కుప్ప నడుం ఎత్తు లేచింది. కుప్ప చూసి మేమేం చేశాం? కుట్టేవాళ్లను ఇంకా తొందర పెట్టాం. దాంతో కుప్ప ఇంకా పెరిగింది. సైజుల కట్టలు కలిసిపోయి, వాటిని ఏరడానికి ఇద్దరు కూర్చోవాల్సి వచ్చింది. నాలుగు వారాలు ముగిసేసరికి 630 చొక్కాలకు కాజాలు లేవు. అవి వేయడానికే ఇంకో మూడున్నర రోజులు పట్టింది. సరుకు ఆలస్యం, బిల్లు ఆలస్యం, ఆ నెల మనలో చాలామందికి బ్యాంకు కిస్తీ తప్పింది.

ఇంకో మాట కూడా ఈ సభలోనే చెప్పాలి. కాజా మిషన్ మీద కూర్చున్న అక్కను మేమందరం మాటలన్నాం. "అందరం కుట్టి ఇస్తున్నం, నీ దగ్గరనే ఆగుతున్నది" అన్నాం. ఆమె ఏమీ అనలేదు, సీజను అయ్యాక పనికి రావడం మానేసింది.

ఈ ఏడు మార్చిలో శిక్షణకు వెళ్లినప్పుడు మా పాత పట్టికనే అక్కడ పెట్టాం. నేర్పిన మేడం అడిగిన మొదటి ప్రశ్న, "మీ కాజా మిషన్‌కు వారానికి ఎన్ని నిమిషాలున్నాయి?" అని. మా దగ్గర జవాబు లేదు. కేంద్రానికి వచ్చి వాచీ పెట్టుకుని కొలిచాం. కాజా ఒక్కటి పడడానికి కొన్ని సెకన్లే. కానీ చొక్కా తీయాలి, గుర్తు మీద సరిగ్గా పెట్టాలి, ఆరు చోట్ల జరపాలి, దారాలు కత్తిరించాలి, పక్కన పెట్టాలి. ఇరవై చొక్కాలకు కొలిస్తే నలభై నిమిషాలు పట్టింది. అంటే చొక్కాకు రెండు నిమిషాలు. రోజుకు ఎనిమిది గంటలు పని అంటాం గానీ భోజనం, దారం మార్చడం, సూది విరగడం, కరెంటు పోవడం తీసేస్తే ఏ మిషనైనా నిజంగా నడిచేది ఆరు గంటలే. రోజుకు 360 నిమిషాలు, ఆరు రోజుల వారానికి 2160. అంటే వారానికి 1080 చొక్కాలు, అంతకు మించి పడవు. మేము రాసుకున్నది 1200. ఆ అక్క భోజనం మానేసి కూర్చున్నా అయ్యే పని కాదది.

రెండు రకాల లెక్క ఉందని అక్కడ చెప్పారు. ఒకటి, మిషన్‌కు హద్దే లేదన్నట్టు గడువు చూసుకుని పని రాసుకుంటూ పోవడం. రెండోది, ప్రతి మిషన్‌కు ఉన్న నిమిషాలు ముందే రాసి, అవి నిండగానే ఆ వారం మూసేసి మిగతా పనిని ఇంకో వారానికి జరపడం. ఈ రెండోదాన్నే ఫైనైట్ కెపాసిటీ షెడ్యూలింగ్ అంటారు. మన ఇంటి మాటలో చెప్పాలంటే, గుండిగ ఎంతుందో చూసి బియ్యం పోయడం.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. 3600 చొక్కాలకు కాజా పని మొత్తం 7200 నిమిషాలు. నాలుగు వారాల్లో కాజా మిషన్‌కు ఉన్నది 8640. మొత్తం మీద చూస్తే సరిపోతుంది, మిగులుతుంది కూడా! కానీ మొదటి వారం అంతా ఫ్రాకులే కాబట్టి కాజా మిషన్ ఖాళీగా ఉంది, తర్వాత మూడు వారాలు దాని మీద 2400 చొప్పున పడ్డాయి. పోయిన ఖాళీ వారం మళ్లీ రాదు కదా. మొత్తం కూడిక చూసి మోసపోయాం, వారం వారం చూడాల్సింది.

కొత్త మిషన్ కొందామని ఒకరిద్దరు అన్నారు. కొనలేదు, అవసరం పడలేదు. పనిని అన్ని వారాలకు సమంగా సర్దాం. ప్రతి వారం 900 చొక్కాలు, 500 ఫ్రాకులు. కాజా మిషన్ మీద 1800 నిమిషాలు పడతాయి, ఉన్నవి 2160. కుట్టు మిషన్ల మీద చొక్కాలకు 18,000, ఫ్రాకులకు 6000, కలిపితే మళ్లీ అదే 24,000. ఓవర్‌లాక్‌లు కూడా చూశాం, ఇబ్బంది లేదు. ఇట్లా సమం చేయడానికి జపాన్‌లో టయోటా కార్ల కంపెనీ వాళ్లు హైజుంకా అని పేరు పెట్టుకున్నారట. మా వాళ్లకు ఆ పేరు వింటే నవ్వు, ఇప్పుడు కేంద్రంలో పోపు డబ్బా సర్దినా హైజుంకా అంటున్నారు.

రెండు రకాలు కలిపి కుడితే మాటిమాటికీ దారం మార్చాలి, టైము పోతుంది అని సీనియర్ అక్కలు అడ్డం చెప్పారు. వాళ్ల మాట నిజమే. అందుకని తొమ్మిది మిషన్లు చొక్కాలకే, మూడు మిషన్లు ఫ్రాకులకే విడగొట్టాం. తొమ్మిదింటికి వారానికి 19,440 నిమిషాలు, పని 18,000. మూడింటికి 6480, పని 6000. దారం మార్చే పనే లేదు. ఇంకో మార్పు, చొక్కా పూర్తయ్యాక కాజా వేయడం మానేసి, ముందు పట్టీ కుట్టగానే ఆ ముక్కకే కాజాలు వేయించాం. దాంతో కాజా మిషన్ చివరిదాకా ఎదురుచూడకుండా రెండో రోజు నుంచే పని మొదలుపెట్టింది.

కాజా మిషన్ మీద వారానికి మిగిలిన 360 నిమిషాలు, అంటే ఒక రోజు, కావాలనే ఖాళీగా ఉంచాం. "ఖాళీ ఎందుకు, బయటి జాకెట్లు తెచ్చుకుందాం" అన్నవాళ్లున్నారు. మొదటి వారం పట్టీలు తయారయ్యేదాకా ఆగిన ఒక రోజుకు ఆ ఖాళీ సరిపోయింది. రెండో వారం కాజా మిషన్ కత్తి పాడై రోజున్నర ఆగింది. 540 నిమిషాలు పోయాయి, ఆ వారం 810 చొక్కాలే అయ్యాయి. కుట్టు ఆపలేదు, కాజా లేకుండా మిగిలిన 90 చొక్కాలను తాడు కట్టి వేరే ర్యాకులో పెట్టాం. మూడో వారం పట్టికలో 900 కొట్టేసి 990 అని రాశాం. దానికి 1980 నిమిషాలు, ఉన్నవి 2160. ఎవరూ రాత్రి కూర్చోలేదు.

అప్పుడే ఇంకో 300 చొక్కాల ఆర్డరు వచ్చింది, అదీ నాలుగో వారం చివరికే కావాలన్నారు. పోయినేడైతే ఫోన్లోనే సరే అనేవాళ్లం. ఈసారి పట్టిక ముందు నిలబడ్డాం. కాజా మిషన్ మీద మూడో వారం ఇంకా 90 చొక్కాలకు, నాలుగో వారం 180 చొక్కాలకు చోటుంది. కానీ ఇప్పుడు కాజా ఒక్కటే చూస్తే మళ్లీ పాత తప్పే. చొక్కాలు కుట్టే తొమ్మిది మిషన్లకు వారానికి మిగిలింది 1440 నిమిషాలు, అంటే 72 చొక్కాలు. రెండు వారాలకు 144. ఇరుకు చోటు ఈసారి కాజా దగ్గర కాదు, కుట్టు దగ్గర ఉంది. కొంచెం తగ్గించుకుని, "120 ఇప్పుడిస్తం, 180 వచ్చే వారం ఇస్తం" అని చెప్పాం. వాళ్లు కాస్త గొణిగారు గానీ ఒప్పుకున్నారు. చెప్పిన రోజుకు చెప్పినన్ని ఇచ్చాం.

ఒక కట్టుబాటు కూడా పెట్టుకున్నాం. నడుస్తున్న వారం పట్టికను ఎవరొచ్చి అడిగినా మార్చం. గుడ్డ కోసేశాక, కట్టలు కట్టేశాక ముందువి వెనక్కి, వెనకవి ముందుకు జరిపితే కుప్పలు మళ్లీ మొదలవుతాయి. మార్పులన్నీ వచ్చే వారం నుంచే. మా బంధువుల పెళ్లి బట్టలకు కూడా ఇదే మాట, దీని మీద ఇళ్లల్లో కొన్ని అలకలు కూడా అయ్యాయి.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. నిమిషాలు సరిగ్గా కొలవకపోతే పట్టిక ఎంత అందంగా గీసినా అబద్ధమే. కొత్తగా చేరిన చెల్లికి మొదటి పదిహేను రోజులు చొక్కాకు 20 నిమిషాలు చాలవు, 30 పడుతుంది. అది రాసుకోకపోతే ఆమె మీద కూడా మాట పడుతుంది. అందుకే ఇప్పుడు ప్రతి నెలా మొదటి సోమవారం మళ్లీ కొలుస్తున్నాం, కొలిచింది ఎవరి పనినో వాళ్లకే ముందు చూపిస్తున్నాం.

పట్టిక కేంద్రంలో గోడకు ఉంది. పై వరుసలో వారాలు, పక్కన మిషన్లు, ప్రతి గడిలో ఉన్న నిమిషాలు, పడ్డ నిమిషాలు. మించితే ఎర్ర సుద్దతో రాస్తాం. ఏప్రిల్‌లో మేము ఐదుగురం కాజా అక్క ఇంటికి వెళ్లి, పాత పట్టిక, కొత్త పట్టిక రెండూ ఆమె ముందు పరిచాం. ఆమె చాలాసేపు చూసి, "నేను చెప్తే విన్నరా?" అంది. వినలేదనే చెప్పాం. మే నుంచి మళ్లీ ఆమే ఆ మిషన్ మీద కూర్చుంటోంది. కాజా గడిలో నిమిషాలు రాసేది ఆమే.