ఇంకా ఐదు రోజుల మాత్రలు

ఇరవై ఏళ్ల సర్వీసు దాటింది, స్వచ్ఛంద విరమణ తీసుకున్నాం. ఈ సాయంత్రం ఛార్జి అప్పగిస్తే మా పని అయిపోతుంది.

ముందుగా వంటమ్మకు, వాచ్‌మన్ తాతకు, ఏఎన్ఎం అమ్మకు దండాలు. వానాకాలం రాత్రుళ్లు పిల్లలు చలిజ్వరంతో వణుకుతుంటే మాతోపాటు మేలుకున్నది వీళ్లే.

పిల్లలూ, మాత్రల దగ్గర మమ్మల్ని తిట్టుకోనివాళ్లు మీలో తక్కువే! రక్తపరీక్షలో వైవాక్స్ మలేరియా అని తేలితే క్లోరోక్విన్ 3 రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు. జ్వరమేమో మూడు, నాలుగు రోజులకే తగ్గిపోతుంది. చిక్కంతా అక్కడే. కాలేయంలో దాగిన క్రిమి చావకపోతే నెలల తర్వాతైనా మళ్లీ లేస్తుంది.

ఒక దసరాకి ఐదో తరగతి బాబు ఆరు రోజుల మందు మింగి ఇంటికెళ్లాడు. మిగతా ఎనిమిది రోజులవి పొట్లం కట్టి ఇచ్చాం. జ్వరం లేదు కదా అని ఇంట్లో గూట్లో పెట్టేశారు. సంక్రాంతి ముందు బాబు మళ్లీ మంచం పట్టాడు. అప్పటినుంచి పొట్లం మీద రోజుకో గీత గీసి, మందు వేసినప్పుడల్లా ఒకటి కొట్టేయమని ఇంట్లో అవ్వకు చూపించేవాళ్లం. చదువురాని ఆ అవ్వలే లెక్క తప్పకుండా గీతలు కొట్టి పొట్లం తిరిగి పంపేవాళ్లు. వాళ్ల రుణం పెద్దది.

కొత్త వార్డెనమ్మా, రిజిస్టర్లో ఒక పాప ఉంది. నిన్నటికి తొమ్మిది రోజులయ్యాయి, ఇంకా ఐదు. అన్నం తిన్నాకే ఇవ్వండి. మూత్రం నల్లగా వస్తే మందు ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కాకరకాయ వండిన రోజు తను అన్నం ముట్టదు, కాస్త చూసుకోండి.

వెళ్లొస్తాం పిల్లలూ.