ఆమె డబ్బు ఎన్నాళ్లు ఉంటుంది? - మ్యూచువల్ ఫండ్ రుసుముల లెక్క

(స్త్రీల ఆర్థిక హక్కులపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల ఆస్తి అనగానే మన మాటలు భూమి, ఇల్లు, బంగారం దగ్గరే ఆగిపోతాయి. కానీ ఈరోజు ఉద్యోగం చేసే స్త్రీల చేతికి వచ్చే డబ్బు, భర్త చనిపోయాక వచ్చే డబ్బు, పదవీ విరమణప్పుడు వచ్చే డబ్బు చాలాసార్లు మ్యూచువల్ ఫండ్లలోకి వెళుతోంది. ఆ కాగితం మీద సంతకం మనదే. అందులోంచి ఎవరు ఎంత తీసుకుంటున్నారన్నది మాత్రం మనకి ఎవరూ చెప్పరు. చెప్పినా, ఒక రకం కోత గురించి చెప్పి రెండో రకం గురించి ఊరుకుంటారు. ఈ రెండు కోతల గురించే ఈరోజు మాట్లాడదామనుకుంటున్నాను.

మొదటిది ఎంట్రీ లోడ్. అంటే గుమ్మం దగ్గర వసూలు చేసే రుసుము. మన దేశంలో 2009 వరకూ షేర్లలో పెట్టే ఫండ్లలో ఇది మామూలుగా 2.25 శాతం ఉండేది. యూనిట్ విలువ 10 రూపాయలైతే మనకి 10 రూపాయల ఇరవై రెండున్నర పైసలకి అమ్మేవారు. లక్ష రూపాయలు ఇస్తే దాదాపు 2,200 గుమ్మం దగ్గరే పోయి, 97,800 రూపాయలకే యూనిట్లు వచ్చేవి. ఆ తేడా ప్రధానంగా అమ్మినవారి కమిషన్. రెండోది ఎక్స్‌పెన్స్ రేషియో. ఫండును నడిపేవారి జీతాలు, కార్యాలయ ఖర్చులు, ఏజెంటుకి ఏటేటా ఇచ్చే కమిషన్, అన్నీ కలిపి మొత్తం ఆస్తిలో ఏడాదికి ఇంత శాతమని తీసుకునే సొమ్ము. దీన్ని మన ఖాతాలో ఖర్చుగా రాయరు. ప్రతిరోజూ ఆ రోజు వాటాను తీసేశాకే యూనిట్ విలువ ప్రకటిస్తారు. లక్ష రూపాయల మీద రెండు శాతమంటే రోజుకి అయిదున్నర రూపాయలు. స్టేట్‌మెంటు ఎంత వెతికినా ఆ అయిదున్నర కనిపించదు. గుమ్మం దగ్గర పోయిన 2,200 మాత్రం కళ్లకి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు కాగితం మీద రెండు ఫండ్లు పెట్టుకుందాం. ఇవి లెక్క కోసం అనుకున్నవే. మొదటి దానిలో ఎంట్రీ లోడ్ ఉంది, ఏడాది ఖర్చు ఒక శాతం. రెండో దానిలో లోడ్ లేదు, ఏడాది ఖర్చు రెండు శాతం. రెండూ ఒకే షేర్లు కొంటున్నాయి. ఖర్చు తీయకముందు ఏటా పది శాతం పెరుగుతున్నాయని అనుకుందాం. ఇది హామీ కాదు, కూడికకి అనువుగా ఉంటుందని తీసుకున్న అంకె.

లక్ష రూపాయలతో మొదలుపెడితే ఏడాది తర్వాత మొదటి ఫండులో దాదాపు 1,06,500, రెండో దానిలో 1,07,800 ఉంటాయి. లోడ్ లేనిదే 1,300 ముందుంది. రెండేళ్లు నిండేసరికి ఆ తేడా 225 రూపాయలకి కరిగిపోతుంది. మూడో ఏడు చివర తిరగబడి, లోడ్ కట్టిన ఫండే వెయ్యి రూపాయల పైచిలుకు ముందుంటుంది. సరిసమానమయ్యేది రెండేళ్ల రెండు నెలల దగ్గర. దీన్నే బ్రేక్ ఈవెన్ అంటారు. నోటిలెక్కగా కావాలంటే లోడ్ శాతాన్ని రెండు ఖర్చుల మధ్య తేడాతో భాగించండి. 2.2ని 1తో భాగిస్తే రెండేళ్ల చిల్లర. పెద్ద లెక్క వేసినా దాదాపు అంతే వస్తుంది.

ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే మొదటి ఫండులో 5,38,000, రెండో దానిలో 4,49,000. ‘గుమ్మం దగ్గర ఏమీ తీసుకోం’ అన్న ఫండు 89,000 వెనకబడింది. 2,200 రూపాయలు మిగిలాయని సంతోషించినదానికి కట్టిన వెల అది.

ఇక్కడ నాకు చాలా ముఖ్యమనిపించే విషయం ఒకటుంది. ఈ బ్రేక్ ఈవెన్ కాలానికి మార్కెట్టుతో సంబంధం లేదు. మార్కెట్టు పెరిగినా, పడినా, పదేళ్లు కదలకుండా కూర్చున్నా అది రెండేళ్ల రెండు నెలలే. రెండు కోతలూ శాతాలే కనుక పెరుగుదల రెండు వైపులా సమానంగా కొట్టుకుపోతుంది. ఇరవై ఏళ్లకి లోడ్ లేని ఫండు, ఖర్చులే లేకపోతే రావలసిన ప్రతి వంద రూపాయల్లో 67 మిగులుస్తుంది. లోడ్ ఉన్న ఫండు 80 మిగులుస్తుంది. ‘మార్కెట్టు గురించి ఎవరు చెప్పగలరమ్మా’ అని మనల్ని నోరు మూయిస్తారు. మార్కెట్టు గురించి ఎవరూ చెప్పలేరు, నిజమే. ఈ లెక్క మాత్రం మొదటి రోజే చెప్పవచ్చు.

ఇదంతా ఏ ఫైనాన్స్ పుస్తకంలోనైనా ఉంటుంది. ఆ పుస్తకాలు అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది. డబ్బు ఎన్నాళ్లు ఉంచాలో ఎవరు నిర్ణయిస్తారు? మదుపుదారు తన అవసరాన్ని బట్టి నిర్ణయించుకుంటాడని అవి రాస్తాయి. ఆ మదుపుదారు ఎప్పుడూ మగవాడే, అతని మీద అధికారం ఉన్నవారు ఇంట్లో ఎవరూ ఉండరు. నేను మాట్లాడిన స్త్రీలలో ఒక ఏ.ఎన్.ఎం. ఉంది. భర్త పోయాక వచ్చిన డబ్బులో ఒక లక్షని 2006లో ఎవరో చెబితే ఫండులో పెట్టింది. పిల్ల చదువు కోసం పదేళ్లు ఉంచాలని ఆమె ఉద్దేశం. పదకొండు నెలలు తిరక్కుండానే మరిదిగారి బోరుబావికి ఆ డబ్బు తీయించారు. పదేళ్లు ఉంచేవారికి గుమ్మం రుసుము చిన్నది. పదకొండు నెలల్లో తీసేవారికి అది పూర్తి నష్టం. రెండేళ్ల రెండు నెలల గీతను ఆమె దాటలేకపోవడానికి కారణం ఆమె అజ్ఞానం కాదు, ఆ ఇంట్లో ఆమెకున్న స్థానం.

కాబట్టి ముందుగా తీసే లోడ్, డబ్బును నిలుపుకోలేని స్త్రీని కొడుతుంది. ఏటా తీసే ఖర్చు, నిలుపుకోగలిగిన స్త్రీని కొడుతుంది. ఎవరికి ఏది మంచిదో చెప్పాలంటే మొదట అడగవలసింది ‘ఈ డబ్బు మీద నీ మాట ఎన్నాళ్లు చెల్లుతుంది?’ అని.

చట్టం సంగతి కొంచెం చూద్దాం. 2008 జనవరి 4 నుంచి ఏజెంటు లేకుండా నేరుగా దరఖాస్తు చేసేవారికి ఎంట్రీ లోడ్ తీసేశారు. 2009 ఆగస్టు 1 నుంచి సెబీ దాన్ని అందరికీ రద్దు చేసింది. మంచి పనే. అప్పట్లో లోడుతో పాటు ఏడాది ఖర్చు కూడా గట్టిగానే ఉండేది కనుక పాత రోజులు బాగుండేవని నేను అనడం లేదు. కానీ ఏజెంటు రాబడి గుమ్మం దగ్గర నుంచి తప్పుకుని రోజువారీ కోతలోకి వెళ్లింది. 2013 జనవరి 1 నుంచి ప్రతి పథకంలోనూ డైరెక్ట్ ప్లాన్ అని విడిగా పెట్టారు. అందులో ఏజెంటు కమిషన్ ఉండదు కనుక ఖర్చు తక్కువ. కమిషన్ ఉన్నదాన్ని రెగ్యులర్ ప్లాన్ అంటారు. రెండింటిలోనూ షేర్లు అవే, నడిపే మనిషీ ఒక్కరే.

అయితే లోడ్ ఈ దేశంలో పోయింది కదా, ఈ లెక్క ఇంకెందుకని అడగవచ్చు. పేరు మారింది గానీ లెక్క ఉంది. ఒక ఉదాహరణ. ఒక లెక్చరర్ దగ్గర రెగ్యులర్ ప్లాన్‌లో మూడు లక్షలున్నాయి. అదే పథకం డైరెక్ట్ ప్లాన్‌లో ఖర్చు 0.9 శాతం తక్కువ. తనంతట తాను చేసుకోవడానికి ధైర్యం చాలక, సెబీలో నమోదైన సలహాదారుకి ఒకేసారి 4,500 రూపాయల ఫీజు ఇచ్చింది. అది ఆమె డబ్బులో ఒకటిన్నర శాతం. అదే ఆమెకి ఇప్పుడు ఎంట్రీ లోడ్. ఒకటిన్నరని 0.9తో భాగిస్తే ఇరవై నెలలు. అంతకంటే ఎక్కువ కాలం ఉంచేట్టయితే ఫీజు తిరిగి వచ్చేసినట్టే.

కానీ ఆమె డబ్బు పెట్టి పది నెలలే అయింది, ఏడాది లోపు తీస్తే ఒక శాతం ఎగ్జిట్ లోడ్ అని పథకంలో రాసి ఉంది. ఇప్పుడే మారితే మరో 3,000 పోతుంది, బ్రేక్ ఈవెన్ దాదాపు మూడేళ్లకి జరుగుతుంది. రెండు నెలలు ఆగితే ఆ రెండు నెలల్లో ఎక్కువగా పోయేది 450 రూపాయలు మాత్రమే. ఆగడమే నయం. మారడమంటే చట్టం దృష్టిలో అమ్మి మళ్లీ కొనడం కనుక లాభం మీద పన్ను ఉంటే దాన్ని కూడా గుమ్మం ఖర్చులోనే కలుపుకోవాలి.

అలాగని అందరూ డైరెక్ట్‌కి మారాలని చెప్పను. ఇరవై వేల రూపాయలున్న స్త్రీకి అదే 4,500 ఫీజు 22.5 శాతం అవుతుంది. ఆ ఫీజు రాబట్టుకోవడానికి ఆమెకి పాతికేళ్లకు పైగా పడుతుంది. ఆమెకి రెగ్యులర్ ప్లానే చౌక. ఏడాదికి 180 రూపాయలు ఇచ్చి, ఇంటికి వచ్చి కాగితాలు నింపి, నామినీ పేరు సరిచేసిపెట్టే మనిషి దొరికితే అది మోసమేమీ కాదు. ఏ పనీ చేయకుండా ఇరవై ఏళ్లు తీసుకుంటే అప్పుడు అడగాలి.

నెలనెలా వాయిదాల్లో కట్టేవారు ఇంకొకటి గమనించాలి. ప్రతి వాయిదాకీ దాని గడియారం దానిదే. అయిదేళ్లు కట్టిన స్త్రీ డబ్బు సగటు వయసు రెండున్నరేళ్లే. అందుకని వాయిదాకింతని శాతంగా ముందే కోసే రుసుము ఏ పథకంలోనైనా ఉంటే, సరిసమానమయ్యే కాలాన్ని దాదాపు రెట్టింపుగా లెక్కవేసుకోవాలి. మన మొదటి ఉదాహరణలో రెండేళ్ల రెండు నెలలు కాస్తా నాలుగేళ్ల పైచిలుకు అవుతుంది. ఫీజు ఏటేటా తీసుకుంటే అది లోడ్ కాదు, దాన్ని ఎక్స్‌పెన్స్ రేషియోకి కలపాలి.

2025 నవంబరులో సెబీ, మొదటిసారి మ్యూచువల్ ఫండుకి వచ్చే స్త్రీలను చేర్చే పంపిణీదారులకి అదనపు ప్రోత్సాహకం ప్రకటించింది. మొదటి పెట్టుబడిలో ఒక శాతం, గరిష్ఠంగా 2,000 రూపాయలు, ఆమె కనీసం ఏడాది ఉంటేనే. ఈ డబ్బు మదుపుదారుల అవగాహన కోసం కంపెనీలు పక్కన పెట్టే నిధి నుంచి వస్తుంది, మామూలు కమిషన్ దానికి అదనం. స్త్రీలు లోపలికి రావడం నాకూ ఇష్టమే. కానీ ఏడాది అన్నది అమ్మేవారి గడువు, ఆమె గడువు కాదు. పదమూడో నెలలో ‘ఇది తీసి ఇంకొకదాంట్లో పెడదామమ్మా’ అని ఎవరైనా వస్తే జాగ్రత్త పడాలి.

మీ స్టేట్‌మెంటులో పథకం పేరు చివర రెగ్యులర్ అని ఉందో, డైరెక్ట్ అని ఉందో చూడండి. ఏ.ఆర్.ఎన్. అని ఒక అంకె ఉంటే అది మీ ఏజెంటు నమోదు సంఖ్య. ఆరు నెలలకోసారి అన్ని ఫండ్లూ కలిపి వచ్చే ఏకీకృత స్టేట్‌మెంటులో, పంపిణీదారుకి ఎంత చెల్లించారో రూపాయల్లో రాయాలని 2016 అక్టోబరు నుంచి నిబంధన ఉంది. చాలామంది ఇళ్లలో ఆ స్టేట్‌మెంటు భర్త ఈ-మెయిల్‌కో, కొడుకు ఈ-మెయిల్‌కో వెళుతోంది. దరఖాస్తులో రాసిన ఈ-మెయిల్, ఫోను నంబరు ఎవరివో ముందు చూసుకుని, వేరేవాళ్లవైతే మార్పు ఫారం నింపి ఇవ్వండి. దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు, ఖాతా మీ ఒక్కరి పేరునే ఉంటే మీది చాలు.